కుటుంబ నవలలో పేర్లు: ఎవరు ఎవరి పిల్లలో పాఠకుడు తికమకపడకుండా

మూడు నాలుగు తరాల కుటుంబ నవల రాస్తున్న వాళ్లకు సగం దూరం వచ్చాక ఒక ఫిర్యాదు ఎదురవుతుంది. చదివినవాళ్లు "కథ బాగుంది, కానీ ఈ సురేష్ ఎవరి కొడుకో మర్చిపోయాను" అంటారు. రచయితకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ సురేష్‌తో ఆయన రెండేళ్లుగా బతుకుతున్నాడు. పాఠకుడికి అతను పరిచయమై గంట కూడా కాలేదు.

తాతలు, తండ్రుల దగ్గర ఈ ఇబ్బంది పెద్దగా రాదు. వాళ్లు కొద్దిమందే. చిక్కంతా పెదనాన్న, బాబాయి, మేనత్తల పిల్లలు ఒకేసారి కథలోకి దిగే మూడో తరంలో. అందుకే ఈ గైడ్ ఎక్కువగా ఆ కజిన్స్ చుట్టూనే తిరుగుతుంది.

పద్ధతి మొత్తం ఒక్క సూత్రం మీద నిలబడుతుంది. పేరులో ఒక్కో భాగానికి ఒక్కో పని అప్పగించాలి. పేరు చివర చూస్తే తరం తెలియాలి. మొదటి అక్షరం చూస్తే మనిషి తెలియాలి. ఏ ఇంటివాడన్నది పేరుకు ముందు తగిలించే చిన్న గుర్తు చెప్పాలి. మూడు పనులూ ఒకే భాగంతో చేయించబోతే ఏదీ సరిగా జరగదు.

## 1. పేర్లకంటే ముందు పట్టిక

పేర్లు ఆలోచించకముందే మనుషుల్ని లెక్కపెట్టండి. ప్రతి మనిషికీ ఒక గుర్తు ఇవ్వండి: రెండో తరం, మొదటి కొడుకు అయితే 2-1. ఆయన మూడో సంతానం 3-1-3. పేరు లేకుండానే కుటుంబం ఆకారం కాగితం మీదకు వస్తుంది.

ప్రతి గుర్తు పక్కన నాలుగు విషయాలు రాయండి.

- పుట్టిన సంవత్సరం. కథలో చెప్పకపోయినా మీకు కావాలి.
- కథలో ఏ భాగం నుంచి ఏ భాగం వరకు బతికి ఉంటారు
- ఎవరితో ఎక్కువ సీన్లు ఉన్నాయి
- ఎన్ని సీన్లలో నోరు విప్పి మాట్లాడతారు

మూడో విషయమే అన్నిటికంటే ముఖ్యం. ఒకే గదిలో కలిసి కూర్చునే ఇద్దరి పేర్లు దగ్గరగా ఉంటే ప్రమాదం. ముప్పై ఏళ్ల తేడాతో కథలోకి వచ్చి, ఎప్పుడూ ఎదురుపడని ఇద్దరి పేర్లు కాస్త దగ్గరగా ఉన్నా నష్టం లేదు.

నాలుగో విషయం పేరు ఎవరికి అవసరమో తేలుస్తుంది. రెండు సీన్లలో మాట్లాడే ప్రతి మనిషికీ పేరు ఉండాలి. అంతకంటే తక్కువైతే "గిరిధర్ పెద్దకూతురు" అంటే చాలు. ఈ కొలతను కోడళ్ల విషయంలో కచ్చితంగా పాటించండి. పేర్లు తగ్గించుకోవాలని చూసే రచయిత ముందుగా వాళ్ల పేర్లే కొట్టేస్తాడు. తర్వాత మూడు అధ్యాయాల పాటు "రాఘవరావు భార్య" అని రాస్తూ ఇబ్బంది పడతాడు.

## 2. పేరు చివర తరానికి

తెలుగు పేర్ల చివర్లలో కాలం ఇప్పటికే దాగి ఉంది. అయ్య, అమ్మ అని ముగిసే పేరు వినగానే పాతతరం మనిషి అనిపిస్తుంది. రావు, మూర్తి, దేవి, వతి అనేవి ఆ తర్వాతి వాళ్లకు నప్పుతాయి. ప్రకాశ్, మోహన్, లలిత లాంటివి ఇంకా తర్వాత. రెండక్షరాల పొట్టి పేర్లు ఇప్పటి పిల్లలవి. నిజ జీవితంలో ఇవన్నీ కలగలిసిపోతాయి. నవలలో మాత్రం గీత గీసి విడదీయవచ్చు, అది పాఠకుడికి కృత్రిమంగా అనిపించదు.

మన ఉదాహరణ కుటుంబానికి ఇలా ఖాయం చేద్దాం.

- మొదటి తరం: అయ్య, అమ్మ
- రెండో తరం: రావు, దేవి
- మూడో తరం: ప్రత్యయం లేని మూడు నాలుగు అక్షరాల పేర్లు
- నాలుగో తరం: రెండక్షరాల పేర్లు

రెండో తరంలో గుర్తు పేరు చివర ఉంది, మూడో తరంలో గుర్తు పేరు పొడవే. ఇలా మార్చడానికి కారణం ఉంది. రమేష్, సురేష్, మహేష్, రాజేష్ అని పెట్టినా చివర కలుస్తుంది కదా అనిపించవచ్చు. కానీ అంత చిన్న పేర్లలో చివరి ధ్వనే పేరులో సగానికి పైగా ఆక్రమిస్తుంది. మనిషిని గుర్తుపట్టడానికి మిగిలేది ఒక్క అక్షరం. రాఘవరావు, భాస్కరరావు జంటలో అలా కాదు. "రావు" పోయినా ముందు మూడక్షరాలు మిగులుతాయి. కాబట్టి ప్రత్యయాన్ని పొడవైన పేర్లకే వాడండి. సుజాత, సునీత, సుమలత అనే ముగ్గురు అక్కచెల్లెళ్లు నిజంగా ఏ ఇంట్లోనైనా ఉండొచ్చు, నవలలో మాత్రం ఉండకూడదు.

చైనాలో పాత వంశాల్లో ఒక తరం వాళ్లందరి పేర్లలో ఒకే అక్షరం పెట్టే ఆచారం ఉంది. అన్నదమ్ములకే కాదు, కజిన్స్‌కీ అదే అక్షరం. మనం చేస్తున్నదీ దాదాపు అదే. పేరులో ఒక స్థానాన్ని తరానికి వదిలేసి, మిగతాది మనిషికి ఇస్తున్నాం.

## 3. మొదటి అక్షరం మనిషికి

ఇక్కడ చాలామంది సరిగ్గా తలకిందులుగా చేస్తారు. పెద్దకొడుకు పిల్లలందరికీ "ర", రెండో కొడుకు పిల్లలందరికీ "స" అని పంచుతారు. పట్టికలో చూస్తే ముచ్చటగా ఉంటుంది. పేజీ మీద మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఒకే ఇంటి పిల్లలే ఎక్కువసార్లు ఒకే సీన్‌లో ఉంటారు. దగ్గరగా ఉండేవాళ్ల పేర్లే ఒకేలా మొదలైతే పాఠకుడు ప్రతి సంభాషణలో ఆగాల్సి వస్తుంది.

చదివేటప్పుడు పేరును ఎవరూ పూర్తిగా కూడబలుక్కోరు. మొదటి అక్షరం, మొత్తం ఆకారం చూసి ముందుకు పోతారు. కాబట్టి తోబుట్టువుల పేర్లు ఎంత దూరంగా మొదలైతే అంత మంచిది.

తెలుగు లిపిలో ఇంకో చిక్కు ఉంది. పలకడానికి వేరైనా కంటికి ఒకేలా కనిపించే అక్షరాలున్నాయి. వీటిని ఒకే అక్షరం కింద లెక్కేయండి.

- ప, ఫ, వ, ష
- మ, య
- బ, భ
- ద, ధ
- చ, ఛ
- డ, ఢ

పద్మ, వాణి అనుకుంటే వేర్వేరు పేర్లే. కానీ "పద్మ" ఉన్న సీన్‌లో "ఫణి", "వర్మ" కూడా ఉంటే ఫోన్ తెర మీద చిన్న అక్షరాల్లో కళ్లకు పని పెరుగుతుంది. గుణింతం తేడా కొంత సాయం చేస్తుంది: "మోహన్", "మల్లిక" ఒకే హల్లుతో మొదలైనా ఓత్వం వల్ల ఆకారం మారిపోతుంది. అక్షరాలు అయిపోయినప్పుడు ఈ వెసులుబాటు వాడుకోండి, మొదట్లోనే కాదు.

## 4. ఒక కుటుంబానికి పేర్లు పెట్టి చూద్దాం

కోటయ్య, అచ్చమ్మలకు ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. మనవలు, మనవరాళ్లు కలిపి పదకొండు మంది.

మొదటి ప్రయత్నంలో రెండో తరానికి రామారావు, రాజారావు, రాఘవరావు, రమాదేవి అని వచ్చాయనుకోండి. తరం గుర్తు బాగానే ఉంది. మనిషి గుర్తు లేదు, నలుగురూ "ర"తోనే మొదలయ్యారు. రాఘవరావును ఉంచి మిగతావి మారుస్తాం: రాఘవరావు, భాస్కరరావు, జగన్నాథరావు, ఇందిరాదేవి. రాఘవరావు భార్య కథలో కీలకం, కాబట్టి ఆమెకు సీతాదేవి. కోడలైనా తరం గుర్తు అదే ఉంచాం. బయటి నుంచి వచ్చినవాళ్లకు వేరే గుర్తు పెట్టబోతే పాఠకుడి మీద ఇంకో బరువు పడుతుంది.

ఇక మూడో తరం.

- రాఘవరావు పిల్లలు: ప్రకాశ్, శారద, మోహన్
- భాస్కరరావు పిల్లలు: గిరిధర్, లలిత
- జగన్నాథరావు పిల్లలు: ఉదయ్, దినకర్, తులసి, హరీశ్
- ఇందిరాదేవి పిల్లలు: నళిని, వసంత్

మొదటి అక్షరాలు చూస్తే పదకొండూ వేరే. అయినా ఇందులో ఒక జంట తేడాగా ఉంది. గిరిధర్, దినకర్ అని పైకి చదవండి. రెండూ నాలుగక్షరాల పేర్లు, రెండూ గుడితో మొదలవుతాయి, రెండూ "ర్"తో ముగుస్తాయి. ఒకే వయసు కజిన్స్, పైగా ఆస్తి గొడవలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. దినకర్‌ని దీపక్ చేస్తే పొడవూ మారుతుంది, ముగింపూ మారుతుంది.

"ప్ర", "వ" మాత్రం ఉండనిచ్చాం. పై జాబితా ప్రకారం ప, వ ఒకే గుంపు. కానీ ప్రకాశ్‌లో కింద ర వత్తు ఉంది, వసంత్‌లో లేదు. పైగా వసంత్ వేరే ఊళ్లో ఉండే మేనత్త కొడుకు, ఇద్దరి మధ్య సీన్లు తక్కువ. ఇలాంటి రాయితీ ఇచ్చిన చోట పట్టికలో ఒక చుక్క పెట్టుకోండి. తర్వాత కథ మారి వాళ్లిద్దరూ కలిసి ఒక అధ్యాయం నడిపితే అప్పుడు మళ్లీ చూడాలి.

నాలుగో తరానికి వచ్చేసరికి అక్షరాలు నిండుకుంటాయి. అప్పటికి కోటయ్య, అచ్చమ్మ చనిపోయి చాలా అధ్యాయాలైంది కాబట్టి వాళ్ల క, అ మళ్లీ వాడుకోవచ్చు: కృతి, అన్వి. పేరు పొడవు పూర్తిగా వేరు కాబట్టి అచ్చమ్మను చూసి ఎవరూ అన్వి అనుకోరు. ఈ తరంలో ఇద్దరు ముగ్గురికి మించి పేర్లు పెట్టకుండా ఉండగలిగితే మంచిది.

## 5. ఇంటి గుర్తు: శాఖను చెప్పే మాట

తరం, మనిషి కుదిరాయి. మోహన్ రాఘవరావు కొడుకా, జగన్నాథరావు కొడుకా అన్నది ఇంకా తేలలేదు.

ఇంటిపేరు దీనికి సగమే పనికొస్తుంది. ముగ్గురు కొడుకుల పిల్లలు తొమ్మిది మందికీ ఇంటిపేరు ఒకటే. ఇందిరాదేవి పిల్లలకు మాత్రం వేరే. కాబట్టి నళిని, వసంత్‌లను పరిచయం చేసేటప్పుడు ఇంటిపేరుతో సహా చెప్పండి, వాళ్లు కూతురి పిల్లలన్న సంగతి వేరే వివరణ లేకుండా తెలిసిపోతుంది. మిగతా తొమ్మిది మందికి ఇంటిపేరు ఎంత చెప్పినా వృథా.

వాళ్లకు వృత్తి నుంచో, ఇంటి నుంచో ఒక మాట తీసుకోండి. రాఘవరావుకు రైస్ మిల్లు ఉంటే వాళ్లు "మిల్లు వాళ్లు". భాస్కరరావు టీచరైతే "మాస్టారింటి వాళ్లు". జగన్నాథరావు వకీలైతే "ప్లీడరు గారింటి వాళ్లు". మన మాటల్లో ఇలా అనడం మామూలే, కాబట్టి పాత్రల నోట కూడా సహజంగా వస్తుంది.

వాడకంలో మూడు నియమాలు చాలు.

- ఒక ఇంటికి ఒకే మాట. ఒకచోట "మిల్లు వాళ్లు", ఇంకోచోట "మేడింటి వాళ్లు" అంటే రెండు శాఖలనుకుంటారు.
- ప్రతి అధ్యాయంలో ఆ మనిషి మొదటిసారి వచ్చినప్పుడు ఒక్కసారి గుర్తు తగిలించండి. తర్వాత ఉత్త పేరు చాలు.
- మిల్లు అమ్మేసినా ఆ మాట మార్చకండి. జనం కూడా మార్చరు.

వారం వారం సీరియల్‌గా వచ్చే నవలకు రెండో నియమం తప్పనిసరి. పాఠకుడు ఏడు రోజుల తర్వాత తిరిగొస్తాడు.

## 6. ముద్దుపేర్లు, పిలుపులు

బుజ్జి, చిన్ని, చిట్టి, నాని, బాబు లాంటివి ఎవరికైనా సరిపోతాయి. ఎవరికైనా సరిపోయే పేరు ఎవరినీ గుర్తు చేయదు. నవల మొత్తానికి ఇలాంటిది ఒక్కరికే ఇవ్వండి.

ముద్దుపేరు అసలు పేరు మొదటి అక్షరాన్ని నిలబెట్టాలి. తులసిని "తులసీ", "తులసమ్మా" అనొచ్చు. వెంకటరమణ అనే మనిషిని ఇంట్లో "రమణ" అని, ఆఫీసులో "వెంకట్" అని రాస్తే ఒక మనిషి ఇద్దరయ్యాడు. మనం మొదటి అక్షరానికి అప్పగించిన పని చెడిపోయింది. నిజంగా రెండు పేర్లు కావాలంటే కథనంలో ఒకటే వాడండి, రెండోది ఫలానా మనిషి ఒక్కడే వాడే పిలుపుగా ఉంచండి.

తాత పేరు మనవడికి పెట్టడం కథకు బలమైన విషయమే, కానీ నవలలో ఒక్క జంటకే పరిమితం చేయండి. పెద్దాయన సుబ్బయ్య అయితే మనవడు సుబ్రహ్మణ్యం, అతన్ని అందరూ పిలిచేది "మణి" అని. కథనంలో మొదటి పేజీ నుంచీ మణి అనే రాయండి. పూర్తి పేరు స్కూలు సర్టిఫికెట్ మీదో, దస్తావేజు మీదో ఒక్కసారి కనిపిస్తే చాలు, ఆ సీన్‌కు అదే బలం.

## 7. వరసలు ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

కజిన్స్ విషయంలో మన వరసలు రచయితకు పెద్ద సాయం. గిరిధర్ ప్రకాశ్‌ని "అన్నయ్యా" అంటాడు, వసంత్ అతన్నే "బావా" అంటాడు. ఆ ఒక్క పిలుపుతో గిరిధర్ బాబాయి కొడుకని, వసంత్ మేనత్త కొడుకని పాఠకుడికి అందిపోతుంది. సంభాషణ మొదటి వాక్యంలోనే వరస వినపడేలా రాయండి.

కథనంలో మాత్రం వరస వాడకండి. రాఘవరావు మొదటి భాగంలో కొడుకు, రెండో భాగంలో తండ్రి, మూడో భాగంలో తాత. రచయిత తనకు తెలియకుండానే పిల్లల కళ్లతో చూడటం మొదలుపెట్టి, మూడో భాగంలో "తాతయ్య లేచి కూర్చున్నాడు" అని రాస్తాడు. రెండో భాగంలో తాతయ్య అంటే కోటయ్య. చనిపోయినాయన లేచి కూర్చున్నాడేమిటని పాఠకుడు వెనక పేజీలు తిప్పుతాడు.

కథనంలో మొదటిసారి ఏ పేరుతో పరిచయం చేశారో చనిపోయేదాకా అదే పేరు. ఇరవై ఏళ్ల కుర్రాడిగా వచ్చినా రాఘవరావే, డెబ్బై ఏళ్ల ముసలాయనగా పోయినా రాఘవరావే. గారు చేర్చాలా, "ఆయన" అనాలా "అతను" అనాలా అన్నది వయసును బట్టి మార్చుకోండి, అది పర్వాలేదు.

ఒక అధ్యాయం మొత్తం ఒక పాత్ర "నేను" అంటూ చెబితే ఈ నియమం సడలుతుంది. అప్పుడు "పెదనాన్న" అనడమే సహజం. అయితే అధ్యాయం మొదటి పేరాలోనే "రాఘవరావు పెదనాన్న" అని ఒకసారి కలిపి చెప్పాలి.

## 8. పరిచయం చేసే వరస

పేర్లు ఎంత బాగా పెట్టినా పదకొండు మందిని పెళ్లి సీన్‌లో ఒకేసారి దింపితే ఎవరూ గుర్తుండరు. ఒక సీన్‌కు మూడు కొత్త పేర్లకు మించకండి. మిగతావాళ్లను గుంపుగా చెప్పండి: "జగన్నాథరావు నలుగురు పిల్లలూ వెనక కార్లో దిగారు." నలుగురున్నారని తెలిసింది, పేర్లు తర్వాత ఒక్కొక్కటిగా వస్తాయి.

ఒక ఇంటి పిల్లలను పూర్తి చేశాకే ఇంకో ఇంటికి వెళ్లండి. పరిచయంలో పేరు ఒక పనికి ముడిపడాలి. "మోహన్ ఇరవై రెండేళ్ల కుర్రాడు" అంటే ఏమీ మిగలదు. తండ్రికి తెలియకుండా మిల్లు తాళాలు తీసుకెళ్లినవాడు మోహన్ అంటే ఇల్లూ, మనిషీ రెండూ గుర్తుంటాయి.

పుస్తకం ముందు వంశవృక్షం వేయవచ్చు, కానీ అది కథ మొదలయ్యే నాటి కుటుంబాన్నే చూపాలి. ఎవరు ఎవరిని పెళ్లి చేసుకుంటారో, ఎవరు పిల్లలు లేకుండా పోతారో అందులోనే బయటపడితే సగం కథ పోయినట్టే. ఫోన్‌లో చదివేవాళ్ల కోసం గీతల బొమ్మ బదులు ఇళ్లవారీ జాబితా ఇవ్వండి. అక్షరాలు పెద్దవి చేసుకోగలుగుతారు.

## 9. పరీక్షించడం

చిత్తుప్రతి పూర్తయ్యాక ఈ పనులు వరసగా చేయండి.

- పేర్లన్నీ అకారాది క్రమంలో రాసి, పక్కపక్కన వచ్చిన జంటలు ఒకే సీన్‌లో ఉన్నాయేమో చూడండి.
- అవే పేర్లను చివరి అక్షరం ప్రకారం రాయండి. వేరే తరాల వాళ్లు ఒకే గుంపులో పడ్డారేమో చూడండి.
- ముగ్గురికి మించి మాట్లాడే సీన్‌ను పైకి చదవండి. నాలుక తడబడిన పేర్లకు గుర్తు పెట్టండి.
- కథ తెలియని ఒకరికి నడిమధ్య నుంచి ఒక అధ్యాయం ఇచ్చి, అందులో కనిపించిన ప్రతి మనిషికీ తరం, ఇల్లు రాయమనండి.

చివరిదే అసలు పరీక్ష. తరం తప్పు రాస్తే పేరు చివర పని చేయడం లేదు. తరం సరిగా రాసి ఇల్లు తప్పు రాస్తే ఇంటి గుర్తు సరిపోలేదు, లేదా ఆ అధ్యాయంలో మీరు దాన్ని తగిలించలేదు. ఇద్దరిని ఒకరికి బదులు ఒకరిగా రాస్తే మొదటి అక్షరాలు చూసుకోవాలి. ఏ తప్పుకు ఏది మార్చాలో ఇలా తేలిపోతుంది, మొత్తం పేర్లు మార్చనక్కర్లేదు.

## 10. ఆలస్యంగా పేరు మార్చాల్సి వస్తే

మూడు వందల పేజీలు టైప్ అయ్యాక పేరు మార్చాలంటే అందరూ ఫైండ్ అండ్ రీప్లేస్‌కే వెళ్తారు. తెలుగులో "అన్నీ ఒకేసారి మార్చు" అనే బటన్ నొక్కకండి.

చిన్న పేర్లు వేరే మాటల్లో దాగి ఉంటాయి. "రమ" అని వెతికితే "రమ్మంది", "రమణ" కూడా దొరుకుతాయి. "హరి" అంటే "విహరించాడు" దొరుకుతుంది. "ఉష" అంటే "ఉషోదయం". ఒక్కొక్కటీ చూసి మార్చడమే మార్గం.

రెండోది, విభక్తులు. "లలితను, లలితకు" ఉన్నచోట నళిని అని మారిస్తే "నళినిను, నళినికు" అవుతుంది. ఇకారంతో ముగిసే పేరుకు ని, కి రావాలి. కాబట్టి ముందు "లలితను", "లలితకు" రూపాలను విడివిడిగా వెతికి మార్చి, ఆ తర్వాతే ఉత్త పేరును మార్చండి. "లలితా!" అని పిలిచిన చోట్లు కూడా విడిగా చూడాలి, లేకపోతే అక్కడ "నళినిా" అని విరిగిన అక్షరం మిగులుతుంది.

పొల్లుతో ముగిసే ప్రకాశ్, వసంత్ లాంటి పేర్లకు విభక్తి చేర్చేటప్పుడు కొందరు విడదీసి "ప్రకాశ్‌కు" అని, కొందరు కలిపి "ప్రకాశ్కు" అని టైప్ చేస్తారు. రెండు రకాలూ మీ ఫైల్లో ఉండొచ్చు. మార్చాక కొత్త పేరును వెతుకుతూ మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వెళ్లండి. ఆ తర్వాత పాత పేరును ఇంకోసారి వెతికితే, ముద్దుపేరుగానో ఉత్తరంలో సంతకంగానో మిగిలిపోయినవి అప్పుడు దొరుకుతాయి.